వన్ టు వన్ మీటింగ్‌లో స్టేటస్ అడగడం మానేస్తే ఏం మాట్లాడాలి?

ప్రశ్న: నమస్కారమండి. ఏడాది కిందట నాకు మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది. నా టీమ్‌లో ఏడుగురు పనిచేస్తున్నారు. ప్రతివారం ఒక్కొక్కరితో అరగంట చొప్పున వన్ టు వన్ మీటింగ్ పెడుతున్నాను. ఏ పని ఎంతవరకు వచ్చిందని అడుగుతాను, చెబుతారు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అంటే అందరిదీ ఒకటే జవాబు: "ఏం లేదండి, అంతా బాగానే ఉంది." పది నిమిషాల్లో మాటలు అయిపోతాయి. పోయిన నెల వీరితోపాటు ఉన్న మరొకరు రాజీనామా చేశారు. చాలాకాలంగా ఒకే రకం పని చేసి విసిగిపోయారని ఆ తర్వాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. ప్రతివారం నా ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కసారి కూడా నాతో ఆ మాట అనలేదు. ఈ మీటింగులు కొనసాగించాలా, మానేయాలా? కొనసాగిస్తే అజెండా ఎలా పెట్టుకోవాలి, ఏం అడగాలి?

సమాధానం: మీటింగులు మానకండి. వచ్చే వారం నుంచి ఆ అరగంటలో మీరు అడుగుతున్న మొదటి ప్రశ్నను మాత్రం మానేయండి. పని ఎంతవరకు వచ్చిందన్న మాటతో మొదలైన సమావేశంలో ఎదుటివారు లెక్క అప్పజెప్పే స్థానంలో కూర్చుంటారు. ఆ స్థానంలో కూర్చున్నవారు అడిగినంతవరకే చెబుతారు, అదీ తమ మీదికి మాట రాని విధంగా చెబుతారు. ఆ తర్వాత మీరు ఎంత ఆప్యాయంగా "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగినా, అది కూడా స్టేటస్‌లో ఒక గడిలాగే వినిపిస్తుంది కాబట్టి అందులో "ఏం లేదు" అని నింపి లేచిపోతారు.

స్టేటస్ మీకు అవసరమే, కాదనడం లేదు. అయితే అది టీమ్ అంతటికీ కనిపించే టాస్క్ బోర్డులోనో, వారానికోసారి ప్రతి ఒక్కరూ రాసే మూడు నాలుగు వాక్యాల్లోనో ఉండాలి, దాన్ని మీరు మీటింగ్‌కు ముందే చదివి రావాలి. చదివితే తెలిసిపోయే విషయం ఏదీ ఆ అరగంటలో అడగకూడదన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే, ఇప్పుడు మీరు అడుగుతున్నవాటిలో చాలావరకు వాటంతటవే రాలిపోతాయి. కొత్తగా చేరినవారి విషయంలో మాత్రం మొదటి రెండు మూడు నెలలు ఈ నియమం పట్టించుకోనక్కర్లేదు. వారికి పనే పెద్ద ప్రశ్న కాబట్టి, ఒక్కో పని దగ్గర కూర్చుని చూడడమే వారితో జరిగే ముఖాముఖి.

ఇంటెల్ సంస్థను చాలా ఏళ్ళు నడిపిన ఆండ్రూ గ్రోవ్ ఈ సమావేశాన్ని కింది ఉద్యోగి సమావేశంగానే చూడాలని, అజెండా కూడా ఆ ఉద్యోగే తయారుచేసుకుని రావాలని 1980లలోనే గట్టిగా చెప్పారు. ఆ మాటను ఇప్పుడు చాలా కంపెనీలు వల్లిస్తున్నాయి. కానీ "ఇది మీ మీటింగ్, మీ ఇష్టం" అని ఒక మాట అనేసినంత మాత్రాన అది వారిది అయిపోదు. అది వారిదని తెలిసేది అజెండా పేజీ వల్ల, అంతకంటే ఎక్కువగా ఆ పేజీలో మీ పేరు పక్కన రాసుకున్న పనులు ఏమవుతున్నాయన్న దానివల్ల.

ఒక్కొక్కరికి ఒక్కొక్క షేర్డ్ డాక్యుమెంట్ పెట్టండి. అది మీ ఇద్దరికి తప్ప మూడోవారికి తెరుచుకోకూడదు, ఆ సంగతి వారికి చూపించి చెప్పండి. ప్రతివారం కొత్త పేజీ తెరవకుండా, అందులోనే పైన కొత్త తేదీ వేసుకుంటూ పోతే పాత వారాలన్నీ కిందికి జరుగుతూ ఒకేచోట ఉంటాయి. ప్రతి తేదీ కింద నాలుగు శీర్షికలు చాలు: పోయినసారి మాటలు, వారి అంశాలు, మీ అంశాలు, ఈసారి ఒప్పుకున్నవి. చివరి దాంట్లో రాసే ప్రతి వాక్యంలో ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు అన్నవి రెండూ ఉండాలి. తేదీ లేని మాట రెండు వారాల్లో ఎవరికీ గుర్తుండదు.

వరుస కూడా ఇదే ఉండనివ్వండి. అరగంటలో మొదటి ఐదు నిమిషాలు పోయినసారి ఒప్పుకున్నవి ఏమయ్యాయో చెప్పుకోవడానికి, అందులోనూ ముందు మీ వంతు పనులు చెప్పడానికి. ఆపైన పదిహేను నిమిషాలు పూర్తిగా వారివి. మీ అంశాలకు ఏడెనిమిది నిమిషాలు మించకూడదు, మిగిలినవి ఒప్పుకున్నవి రాసుకోవడానికి. చాలామంది మేనేజర్లు ఈ వరుసను తలకిందులు చేసి, తమ అంశాలు ముందు చెప్పేసి చివర్లో "మీరేమైనా చెబుతారా?" అంటారు. అప్పటికి గడియారంలో నాలుగు నిమిషాలు ఉంటాయి. నాలుగు నిమిషాల్లో పట్టే ఇబ్బందులే అప్పుడు బయటికి వస్తాయి.

మీ వంతు పనులు ముందు చెప్పమనడానికి కారణం ఉంది. ఈ వారం మీ ప్రశ్నకు వచ్చే జవాబు, పోయిన వారం వారు చెప్పిన మాట ఏమైందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఎవరైనా మొదట చిన్న విషయమే చెబుతారు. లైసెన్స్ రావడం లేదనో, ఫలానా మీటింగ్‌కు తాను వెళ్ళనవసరం లేదనో అంటారు. దాన్ని మీరు రాసుకుని, చెప్పిన తేదీలోగా తేల్చి, తేలకపోతే ఎందుకు తేలలేదో వచ్చి చెబితే రెండోసారి కొంచెం పెద్ద విషయం వస్తుంది. మొదటిదే గాలికి పోతే ఇక "అంతా బాగానే ఉంది" అన్న మాటే స్థిరపడుతుంది. మీ టీమ్‌లోని ఏడుగురిలో ఎంతమంది మీతో మొదటి రోజుల్లో చిన్న చిన్న విషయాలు చెప్పి ఊరుకున్నారో ఒకసారి తీరిగ్గా గుర్తుచేసుకోండి.

ఇక ప్రశ్నల సంగతి. "ఎలా ఉంది?", "అంతా ఓకేనా?" అన్నవి పలకరింపులు కాబట్టి వాటికి మర్యాదే జవాబుగా వస్తుంది. పనికొచ్చే ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ జవాబిచ్చి తప్పించుకోవడం కుదరదు. అది ఈ వారంలోనో ఈ నెలలోనో జరిగిన ఒక విషయం మీద నిలబడుతుంది, జవాబు చెప్పినందువల్ల చెప్పినవారికి నష్టం కలిగించదు. ప్రతివారం అడగడానికి నేను రెండే ప్రశ్నలు సూచిస్తాను. మొదటిది, "ఈ వారం ఏ పని మీరు అనుకున్నదానికంటే ఎక్కువ సమయం తీసుకుంది?" రెండోది, "ప్రస్తుతం ఎవరి జవాబు కోసం ఎదురుచూస్తున్నారు?" ఏదో ఒక పని ఎక్కువ సమయం తీసుకోవడం అందరికీ ఉండేదే కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరికీ తప్పు ఒప్పుకున్నట్టు అనిపించదు. రెండో ప్రశ్నకు జవాబు తరచుగా మీరే అవుతారు, అది కూడా తెలుసుకోవలసిందే.

నెలకోసారి అడగవలసినవి వేరు. "ఈ నెల చేసిన పనుల్లో ఏది మళ్ళీ మీకే రావాలనుకుంటున్నారు? ఏది మరొకరికి వెళితే బాగుంటుంది?" అన్నది వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది. దీన్ని ప్రతినెలా ఇదే మాటల్లో అడగండి, వచ్చిన జవాబును మీ మాటల్లోకి మార్చకుండా వారన్నట్టే పేజీలో రాయండి. ఒక్క నెల జవాబు పెద్దగా ఏమీ చెప్పదు. వరుసగా మూడు నెలలు అదే పని "మరొకరికి వెళితే బాగుంటుంది" దగ్గర కనిపిస్తే మాత్రం అక్కడ విసుగు పేరుకుంటోందని అర్థం. విసుగు ఒక్కరోజులో ఫిర్యాదుగా రాదు కాబట్టి, "ఇబ్బంది ఉందా?" అన్న ప్రశ్నకు అది ఎప్పటికీ దొరకదు. ఒకే ప్రశ్నకు వచ్చిన పాత జవాబులు పక్కపక్కన పెట్టుకుంటేనే కనబడుతుంది. మూడు నెలలకోసారి దీన్నే కొంచెం ముందుకు జరిపి, "ఆరు నెలల తర్వాత మీ రోజులో ఏ పని ఎక్కువ ఉండాలి, ఏది తగ్గాలి?" అని అడగవచ్చు. ఐదేళ్ళ తర్వాత ఎక్కడుండాలనుకుంటున్నారన్న ప్రశ్నను ఇంటర్వ్యూలకే వదిలేయండి. దానికి అందరి దగ్గరా ముందే తయారుచేసుకున్న జవాబు ఉంటుంది.

మీ గురించి వారేమనుకుంటున్నారో తెలుసుకోవాలంటే "నా మీద ఫీడ్‌బ్యాక్ ఏమైనా ఉందా?" అని అడిగి లాభం లేదు, లేదనే అంటారు. మీరు చేసిన ఒక పనిని మీరే ఎత్తుకోండి. "మొన్న రిలీజ్ తేదీని నేను వారం ముందుకు జరిపాను కదా, దానివల్ల మీవైపు ఏమేం తారుమారయ్యాయి?" అంటే జవాబు వస్తుంది, ఎందుకంటే అక్కడ వారు మీ స్వభావం గురించి తీర్పు చెప్పనక్కర్లేదు, జరిగింది చెబితే చాలు. చెప్పాక అక్కడికక్కడే మీ కారణాలు వివరించడం మొదలుపెట్టకండి. మేనేజర్ వివరణ ఎంత సబబుగా ఉన్నా వినేవారికి వాదనలాగే వినిపిస్తుంది. రాసుకుని, వచ్చే వారం "పోయినసారి మాటలు" కింద దానికి మీ జవాబు చెప్పండి.

ఈ ప్రశ్నలన్నీ ఒకే రోజు అడిగితే పోలీసు విచారణ అవుతుంది. వారం ప్రశ్నలు రెండు, అవసరాన్నిబట్టి నెల ప్రశ్న ఒకటి, అంతే. అడగబోయే ప్రశ్నను ముందురోజే పేజీలో పెట్టండి, అప్పటికప్పుడు ఆలోచించి చెప్పలేనివారు చాలామంది ఉంటారు. అడిగాక ఊరుకోండి. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా అనిపించి "అంటే, పెద్దగా ఏమీ లేదనుకుంటాను" అని జవాబు మీరే అందించారంటే వారు దాన్నే పట్టుకుంటారు. జవాబు వచ్చాక "అది చివరిసారి ఎప్పుడు జరిగింది?" అని అడిగితే పొడి మాట కాస్తా సంఘటనగా మారుతుంది.

ఇదంతా ఆచరణలో ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణగా చూద్దాం. ఒక టీమ్‌లో ఆరేళ్ళ అనుభవమున్న ఉద్యోగిని ఉన్నారనుకోండి. మొదటి వారం ఆమె అంశాల కింద ఏమీ రాయలేదు. మేనేజర్ దాన్ని ప్రస్తావించకుండా వారం ప్రశ్న అడిగారు. సోమవారం పంపే రిపోర్టుకు సగం రోజు పడుతోందని, పక్క టీమ్ పంపే లెక్కలు ప్రతిసారీ వేరే ఫార్మాట్‌లో వస్తున్నాయని ఆమె చెప్పారు. ఇక్కడ మేనేజర్లు సాధారణంగా చేసేది వెంటనే పరిష్కారం చెప్పడం. ఈయన అలా చేయకుండా, "ఈ విషయం నేను వారితో మాట్లాడనా, మీరే మాట్లాడతారా, లేక నాకు తెలిస్తే చాలా?" అని అడిగారు. మీరే మాట్లాడండి అన్నారామె. రెండో వారం పేజీ ఇలా ఉంది:

పోయినసారి మాటలు: రిపోర్టు ఫార్మాట్ గురించి పక్క టీమ్‌తో మాట్లాడడం (మేనేజర్, గురువారంలోగా). మాట్లాడాను, వచ్చే నెల వరకు మార్చలేమన్నారు, అప్పటిదాకా ఒకే ఫైల్‌గా పంపుతామన్నారు.
వారి అంశాలు: 1. టెస్ట్ సర్వర్ యాక్సెస్. 2. సోమవారం రిపోర్టు ఇంకెంతకాలం నా పనే?
మీ అంశాలు: కొత్తగా చేరేవారికి పని చూపించడం ఎవరు?
ఈసారి ఒప్పుకున్నవి: (ఖాళీ)

సమస్య సగమే తీరింది, అయినా రెండో వారానికే అసలు మాట బయటపడింది. రెండో అంశంగా, చిన్న అక్షరాల్లో పెట్టినట్టుగా వచ్చిన ఆ వాక్యమే అసలు మాట. మొదటి అంశం దారి చూసేందుకు. కదిపితే తెలిసిందేమిటంటే, ఆ రిపోర్టు ఆమెది కాదు. ఒక సహోద్యోగి మానేసినప్పుడు "తాత్కాలికంగా" ఆమెకు అప్పగించారు, ఆ తర్వాత దాన్ని తిరిగి ఎవరూ తీసుకోలేదు. దాన్ని వెంటనే తీసేయడం మేనేజర్ చేతిలో లేదు, ఆ మాట అలాగే చెప్పారు. ఆమె రెండు వారాల్లో ఆ పని పద్ధతి రాసిపెట్టాలని, ఆపై రెండు సోమవారాలు జూనియర్ ఒకరు ఆమె పక్కన కూర్చుని చేయాలని, అయిదో సోమవారం నుంచి పూర్తిగా జూనియర్‌దే అవుతుందని రాసుకున్నారు. జూనియర్ సెలవు పెట్టడంతో అది రెండు వారాలు వెనక్కి వెళ్ళింది. వెళ్ళిన ప్రతివారం "పోయినసారి మాటలు" కింద ఆ ఆలస్యం, కొత్త తేదీ కనబడుతూనే ఉన్నాయి. పని ఆలస్యమైనా నమ్మకం చెడలేదు, ఎందుకంటే ఆ సంగతి ఆమె అడగకుండానే మేనేజర్ చెప్పారు.

మీ చేతిలో లేని విషయాలు ఈ మీటింగ్‌లో తప్పకుండా వస్తాయి. జీతం, ప్రమోషన్, మరో టీమ్‌కు బదిలీ అడుగుతారు. "చూద్దాం" అన్నది అన్నిటికంటే చెడ్డ జవాబు, వినేవారు దాన్ని సగం ఒప్పుకోలుగా తీసుకుంటారు. ఇది ఎవరు తేలుస్తారు, మళ్ళీ ఎప్పుడు పరిశీలనకు వస్తుంది, దానికి మీరు చేయగలిగిందేమిటి, ఏ తేదీకి వచ్చి చెబుతారు అన్నవి చెప్పండి. అలాగే, "ఇది మీకూ నాకూ మధ్యే ఉండాలి" అని ఎవరైనా మొదలుపెడితే, వినకముందే మాట ఇవ్వకండి. వేధింపులు, భద్రత వంటి విషయాలను పైకి చెప్పవలసిన బాధ్యత మేనేజర్ మీద ఉంటుంది. ఆ హద్దు ముందే చెప్పి, మిగతా ఏదైనా బయటికి పోదని చెప్పడమే న్యాయం.

మీ అంశాల్లో ఆ వారం పని మీద చిన్న మెచ్చుకోలో, చిన్న దిద్దుబాటో ఉండవచ్చు, ఉండాలి కూడా. కానీ పనితీరు నిజంగా దెబ్బతిన్నదని చెప్పవలసి వస్తే దానికి విడిగా, విషయం ముందే తెలిపి సమావేశం పెట్టండి. ఒక్కసారి వన్ టు వన్‌లో అనుకోని చీవాట్లు పడితే ఆ తర్వాత నెలల తరబడి క్యాలెండర్‌లో ఆ ఆహ్వానం కనబడితేనే గుండె దడ పుడుతుంది. అప్రైజల్‌లో రాయబోయే లోపం ఏదైనా ఉంటే, అది అంతకుముందే ఈ పేజీలో ఎక్కడో ఒకచోట కనబడి ఉండాలి.

సమయం లెక్క కూడా చూసుకోండి. ఏడుగురికి అరగంట చొప్పున మూడున్నర గంటలు, ఒక్కొక్కరి పేజీ చదవడానికి, రాయడానికి పది నిమిషాల చొప్పున ఇంకో గంటా పది నిమిషాలు. మొత్తం వారానికి దాదాపు అయిదు గంటలు. ఏడూ ఒకేరోజు పెడితే అయిదో మనిషి దగ్గరికి వచ్చేసరికి మీరు వినడం మానేస్తారు, రోజుకు రెండు మించకండి. అంత సమయం లేదనుకుంటే, చేస్తున్న పనిలో బాగా ఆరితేరినవారితో రెండు వారాలకోసారి ముప్పావుగంట కూర్చోవచ్చు. ఇక్కడ చూడవలసింది ఉద్యోగంలో ఎన్నేళ్ళున్నారన్నది కాదు, ఇప్పుడు చేస్తున్న ఆ పని వారికి ఎంత అలవాటన్నది. పదేళ్ళ అనుభవమున్నవారికైనా పూర్తిగా కొత్త పని అప్పగించినప్పుడు కొంతకాలం మళ్ళీ వారం వారం కూర్చోవలసిందే. అత్యవసరమేదైనా వస్తే మీటింగ్‌ను రద్దు చేయకుండా అదే వారంలో వేరే సమయానికి జరపండి, జరిపేటప్పుడే కొత్త సమయం చెప్పండి. వీడియోలో జరిగే మీటింగులైతే మెయిల్, చాట్ మూసేసి ఆ పేజీ ఒక్కటే తెరిచి ఉంచండి. మీ కళ్ళు తెర మీద వేరే విండో వైపు పోవడం అవతలివారికి వెంటనే తెలిసిపోతుంది.

రెండు నెలలయ్యాక ఏడు పేజీలూ ఒకచోట పెట్టుకుని చదవండి. చివరి నాలుగు వారాల్లో వారి అంశాలు వారే రాశారా, మీరు నింపారా? మీ పేరు పక్కన ఉన్న పనుల్లో ఎన్ని తేలాయి, ఎన్ని తేదీ మార్చుకుంటూ కిందికి జారిపోతున్నాయి? టాస్క్ బోర్డు చూసి మీరు తెలుసుకోలేకపోయే సంగతి ఒక్కటైనా ఆ పేజీలో ఉందా? మీతో విభేదించిన మాట ఎక్కడైనా ఉందా? ఏడింటిలో ఒకటో రెండో ఖాళీగా ఉంటే కంగారు పడకండి. కొందరికి నిజంగానే ఆ వారం చెప్పడానికి ఏమీ ఉండదు, వారిని పదిహేను నిమిషాల్లో పంపించేయడమే మర్యాద. ఏడూ ఖాళీగా ఉంటే మాత్రం ముందు మీ వంతు పనుల జాబితా చూడండి, లోపం దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

మొదలుపెట్టేటప్పుడు పెద్ద ప్రకటన చేయకండి. రాజీనామా జరిగిన నెలలోనే మీరు హఠాత్తుగా కొత్త ప్రశ్నలు అడగడం మొదలుపెడితే, ఇంకెవరు వెళ్ళిపోతారో ఆరా తీస్తున్నారని అనుకుంటారు. వెళ్ళిపోయినవారి సంగతి మిగతావారి దగ్గర ఎత్తకండి. "స్టేటస్ ఇకనుంచి నేను బోర్డులో చదువుకుంటాను. ఈ అరగంటకు ఒక పేజీ పెట్టాను, అందులో ముందు మీ అంశాలు ఉంటాయి, ముందురోజు సాయంత్రంలోగా ఒక్కటైనా రాయండి. ఏమీ లేకపోతే నేను ఒక ప్రశ్న రాస్తాను" అని ఒక్కొక్కరితో విడివిడిగా చెప్పి, అదే వారం మొదటి ప్రశ్నగా ఎక్కువ సమయం తీసుకున్న పని గురించి అడగండి.